సగం జవాబుకు పూర్తి మందు

మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు మిరప తోటల్లో ముడత కనిపించగానే రైతు సేవా కేంద్రానికి వచ్చే ఫోను దాదాపు ఒకే తీరున ఉంటుంది. "సార్, మిరపకు ముడత పట్టింది. మందు చెప్పండి." ఇవతల ఉన్న ఉద్యాన సహాయకుడు నేర్చుకున్న ప్రకారమే అడుగుతాడు. "నాటి ఎన్ని రోజులైంది? ముడత పైకా, కిందికా? తోటంతా ఉందా, అక్కడక్కడానా? ఇప్పటిదాకా ఏమేం కొట్టారు?"

జవాబు: "అరవై రోజులు సార్."

నాలుగు అడిగితే ఒకటి వచ్చింది. ఇక్కడ ఏం చేయాలో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు చెప్పేవాళ్లకు కొదవ లేదు. సీనియర్లు చెబుతారు, మందుల దుకాణం వాళ్లు చెబుతారు, తోటి సహాయకులు చెబుతారు. ఆ చిట్కాల్లో చాలావరకు తప్పు. నేను ఇక్కడ రాస్తున్నది ఆ తప్పుడు చిట్కాల గురించే. అవి పాటిస్తే తోటలో ఏం జరుగుతుందో తెలిస్తే వాటిని ఎందుకు వదిలేయాలో వేరే చెప్పనక్కర్లేదు.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే చిట్కా ఇది: "రైతు చెప్పని దాన్ని నీ అనుభవంతో నువ్వే పూరించుకో. ఈ రోజుల్లో ముడతంటే తామర పురుగే కదా, ఫిప్రోనిల్ రాసెయ్." దీంట్లో ఉన్న చిక్కు ఏమిటంటే, చాలాసార్లు అది నిజమే అవుతుంది. అందుకే అలవాటుగా మారిపోతుంది. కానీ మిరపలో ముడతకు ముఖ్యమైన కారణాలు మూడున్నాయి. తామర పురుగు లేత ఆకుల రసం పీలిస్తే ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటాయి. తెల్లనల్లి పడితే అంచులు కిందికి వంగుతాయి, ఆకు సన్నబడి ముదురు ఆకుపచ్చగా గట్టిపడుతుంది, కాడ పొడవు సాగుతుంది. మూడోది తెల్లదోమ మోసుకొచ్చే జెమిని వైరస్. దీనిలోనూ ఆకు పైకే ముడుచుకుంటుంది, అయితే ఆకులు మరీ చిన్నవై, ఈనెల మధ్య పసుపెక్కి, మొక్క గిడసబారి గుబురుగా మిగిలిపోతుంది. మన వైపు చాలామంది రైతులు ఈ మూడింటినీ ముడతనో బొబ్బరనో అంటారు. కాబట్టి "ముడత వచ్చింది" అన్న మాటతో మనకు తెలిసేది ఆకు బాగాలేదని మాత్రమే.

తామర పురుగుకు వాడే ఫిప్రోనిల్‌తో తెల్లనల్లి తగ్గదు. నల్లికి వాడే నీటిలో కరిగే గంధకంతో తామర పురుగు అదుపులోకి రాదు. వైరస్ సోకిన మొక్కను మళ్లీ మామూలు మొక్కగా చేసే మందు అసలు లేనే లేదు. ఊహ తప్పితే ఎకరానికి 200 లీటర్ల నీళ్లలో పోసిన మందు వృథా అవుతుంది, కూలి వృథా అవుతుంది. దానికంటే పెద్ద నష్టం, రైతు ఆ మందు పనిచేస్తుందని వారం రోజులు ఎదురుచూస్తాడు. ఆ వారంలో నల్లి చిగురు నుంచి చిగురుకు పాకిపోతుంది. ఊహించి రాసిన మందు సింథటిక్ పైరిథ్రాయిడ్ అయితే ఇంకా చెడ్డ. అది నల్లిని తినే మిత్ర పురుగులను చంపుతుంది, నల్లి మాత్రం బతికి మరింత పెరుగుతుంది. మందు కొట్టిన తరవాత ముడత ఎక్కువైందని వచ్చే ఫోన్లలో ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

అనుభవం మీద అంత నమ్మకం ఉన్నవాళ్లు 2021 ఖరీఫ్‌ను గుర్తు తెచ్చుకోవాలి. ఆ ఏడు ఆంధ్ర, తెలంగాణ మిరప తోటల్లోకి కొత్త రకం నల్ల తామర పురుగు వచ్చింది. దాని శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. పాత తామర పురుగును లేత ఆకుల్లో వెతకడం అలవాటైన కళ్లకు ఇది మొదట చిక్కలేదు, ఎందుకంటే ఇది ఎక్కువగా పూలలో గుంపులు కట్టింది. పూత రాలిపోయింది. పూలు విదిల్చి చూశారా అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగినవాళ్లకే అది కనిపించింది.

రెండో చిట్కా కాస్త తెలివైనదిగా కనిపిస్తుంది. "పైకా కిందికా చెప్పలేదు కదా, రెండింటికీ కలిపి రాసేస్తే సరి." దుకాణాల్లో ఒకే ట్యాంకులో మూడు డబ్బాలు కలిపించే అలవాటుకు మూలం ఈ ఆలోచనే. ఖర్చు మాట పక్కన పెట్టినా, ఇందులో మరో నష్టం ఉంది. తగ్గితే ఏ మందుతో తగ్గిందో తెలియదు. తగ్గకపోతే ఏది పనిచేయలేదో తెలియదు. పది రోజుల తరవాత అదే రైతు మళ్లీ ఫోన్ చేస్తే మన చేతిలో మొదటి రోజు ఉన్నంత సమాచారం కూడా ఉండదు. పురుగు, నల్లి రెండింటి మీదా పనిచేసేవిగా లేబుల్ ఉన్న మందులు కొన్ని ఉన్నాయి, కాదనను. రెండూ ఉన్నాయని తోటలో చూసి తేల్చుకున్నాక అవి వాడొచ్చు. అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదన్న కారణంతో వాడకూడదు. పైగా తోటలో ఉన్నది వైరస్ అయితే ఎన్ని డబ్బాలు కలిపినా ఒకటే.

మూడో చిట్కా: "పూర్తి వివరాలు చెబితేనే సలహా అని ఖరాఖండిగా చెప్పు. నాలుగూ మళ్లీ మొదటి నుంచి అడుగు." ఇది క్రమశిక్షణగా కనిపిస్తుంది కానీ, రైతు వైపు నుంచి చూడండి. ఆయన అరవై రోజులని చెప్పాడు. మళ్లీ "నాటి ఎన్ని రోజులైంది?" అని వినబడితే తన మాట చెవికెక్కలేదని అనుకుంటాడు. నాలుగు ప్రశ్నలు ఒక్క ఊపిరిలో అడిగితే మనిషికి పట్టుబడేది మొదటిదో చివరిదో. అందులోనూ నోటి చివర ఉన్న అంకె ముందు వస్తుంది. నాటి ఎన్ని రోజులైందన్నది తలలో ఉండే సంగతి. ముడత పైకా కిందికా అన్నది చేలోకి వెళ్లి ఆకు పట్టుకుని చూస్తే తెలిసే సంగతి. రైతు ఆ సమయంలో మార్కాపురం బజారులోనో, బస్టాండులోనో ఉండి ఉంటాడు. చూడకుండా చెప్పలేక ఆ ప్రశ్నను వదిలేశాడు. అదే ప్రశ్నను అదే మాటల్లో రెండోసారి అడిగితే రెండోసారీ వదిలేస్తాడు, లేదా మనల్ని వదిలించుకోవడానికి "పైకే సార్" అని ఏదో ఒకటి అనేస్తాడు. అలా ఊరికే అన్న "పైకే" మన ఊహ కంటే ప్రమాదం, దాన్ని మనం రైతు కళ్లతో చూసి చెప్పిన మాటగా రాసుకుంటాం కాబట్టి. 1800-180-1551 కిసాన్ కాల్ సెంటర్‌లో కూర్చున్నవాళ్లకు తోట ఎప్పుడూ కనిపించదు. వాళ్లకూ ఇది ఇంతే వర్తిస్తుంది.

"ఏమేం కొట్టారు?" అన్న దానికి జవాబు రాకపోతే మటుకు ఇంకో చిట్కా ప్రత్యేకంగా తయారుగా ఉంటుంది: "దాస్తున్నాడు, గట్టిగా అడుగు." దాయడం అరుదు. మందు అరువు మీద తెచ్చి ఉంటాడు. దుకాణంలో మూడు ప్యాకెట్లు ఇచ్చి ఇవి కలిపి కొట్టమంటే కొట్టి ఉంటాడు. పేర్లు ఆయన అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఇప్పుడు సర్కారు మనిషి అడుగుతుంటే తెలియదని చెప్పడం నామోషీగా ఉంటుంది, దుకాణం వాళ్ల పేరు బయటపెట్టినట్టు అవుతుందన్న బెరుకూ ఉంటుంది. గట్టిగా అడిగితే ఆ బెరుకు పెరుగుతుంది తప్ప పేరు రాదు. అడగాల్సింది పేరు కాదు, ఖాళీ డబ్బా. "బోరు కాడ పడేసిన డబ్బాలు, ప్యాకెట్లు ఉంటే ఒక ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి" అంటే ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ ఫోటోలో పెద్ద అక్షరాల కంపెనీ పేరు చూసి ఆగిపోవద్దు. దాని కింద చిన్న అక్షరాల్లో టెక్నికల్ పేరు, పక్కన శాతం ఉంటాయి. వేరు వేరు పేర్లతో మూడు డబ్బాలు కొన్న రైతు మూడుసార్లూ ఒకే ఫిప్రోనిల్ కొట్టి ఉండొచ్చు. ఆ సంగతి తెలియకుండా నాలుగోసారి మనమూ ఫిప్రోనిలే రాస్తే పురుగు దానికి ఇంకా అలవాటు పడుతుంది.

ఇక మొదటి ఫోను దగ్గరికి వద్దాం. "అరవై రోజులు సార్" అన్న రైతుతో మాట ఎలా నడవాలో ఒక నమూనాగా చెబుతాను.

ముందు వచ్చిన జవాబును చేతిలోకి తీసుకోవాలి. అది కూడా నిజంగా పూర్తి జవాబేనా అని చూసుకోవాలి. "అరవై రోజులా, సరేనన్నా. నారు పోసి అరవైయా, చేలో నాటి అరవైయా?" ఈ ఒక్క చిన్న ప్రశ్నతో తేడా చాలా వస్తుంది. మిరప నారు మడిలో సుమారు 40 రోజులు ఉంటుంది. కాబట్టి అరవై అంటే ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్న 20 రోజుల మొక్కా కావచ్చు, పూతకు వచ్చిన తోటా కావచ్చు. మన రైతు అంటాడు: "నారు పోసినకాడి నుంచి సార్. నాటి ఇరవయ్యే." అంటే పూత ఇంకా రాలేదు. పూలలో వెతకాల్సిన పని లేదు. వైరస్ మొక్కలుంటే ఇప్పుడే పీకేస్తే మిగతా తోటకు మేలు. వచ్చిన ఆ ఒక్క జవాబూ మిగిలిన మూడింటిలో ఏది ముందు అడగాలో చెప్పేసింది.

తరవాత, రాని మూడింటినీ ఒక్కసారి మనసులో తూకం వేసుకోవాలి. ఏది తెలిస్తే మనం చెప్పేది మారుతుంది? పైకా కిందికా తెలిస్తే మందే మారిపోతుంది, కాబట్టి అది మొదటిది. ఏం కొట్టారన్నది తెలిస్తే మందు రకం మారుతుంది, అది రెండోది. తోటంతానా అక్కడక్కడానా అన్నది వైరస్‌ను వేరు చేయడానికి కావాలి. దాన్ని విడిగా అడగనక్కర్లేదు, మొదటిదానితో కలిసి వస్తుంది. హైబ్రిడ్ పేరు, విత్తనం కంపెనీ, సర్వే నంబరు ఇప్పుడు అడగాల్సినవి కావు. ఫారంలో గడులున్నాయని వాటి కోసం రైతును నిలబెట్టకూడదు. ముడత సంగతి తేలడానికి వాటితో పని లేదు.

"అన్నా, ఇప్పుడు తోటలో ఉన్నారా?"

"లేదు సార్, కంభంలో ఉండా. తోట కాడ మా ఇంట్లోవాళ్లు ఉండారు."

"అయితే ఆమె నంబరు ఇవ్వండి, ఆమెతో రెండు నిమిషాలు మాట్లాడతా."

చాలా ఇళ్లలో తోటను రోజూ దగ్గరగా చూసేది ఆడవాళ్లు. ఫోను మాత్రం మగవాళ్ల చేతిలో ఉంటుంది. సగం జవాబులు రావడానికి ఇదొక పెద్ద కారణం. అడగాల్సిన మనిషిని అడగలేదంతే. ఆమెను అడిగేటప్పుడు "పైకా, కిందికా" అన్న మాటే వాడితే మళ్లీ గందరగోళం. ఆకు ముడుచుకుపోయాక ఏది పైనో ఏది కిందో చూసేవాళ్లకు తేలదు. "అమ్మా, ముడిచిన ఆకు ఒకటి తుంచి చెట్టు మీద ఉన్నట్టే అరచేతిలో పెట్టుకోండి. అంచులు చేతిని తాకుతున్నాయా, ఆకాశం వైపు లేచినాయా?" అని అడగాలి. చేసి చూసి చెప్పే ప్రశ్న ఇది. దీనికి సగం జవాబు ఉండదు.

"పైకి లేసినాయి సార్."

"తోటంతా ఇట్లే ఉందా?"

"గట్టు పక్క రెండు సాళ్లు ఎక్కువ. లోపల తక్కువ. నాలుగైదు చెట్లు మాత్రం పొట్టిగా, పసుపుగా ఉండాయి."

ఇప్పుడు రెండు దారులు కనిపిస్తున్నాయి. గట్టు పక్క సాళ్లలో ఉన్నది తామర పురుగు కావచ్చు, పొట్టి చెట్లు వైరస్ కావచ్చు. ఇక్కడ కూడా ఊహతో ఆగక్కర్లేదు. "ఇంట్లో పిల్లల నోటుబుక్కు కాగితం తెల్లది ఒకటి తెచ్చి, గట్టు పక్క చెట్టు చిగురు దాని మీద దులపండి." సన్నని దారపు ముక్కల్లా పసుపు రంగువి పాకితే తామర పురుగు తేలిపోయినట్టే. నల్లి మాత్రం ఇలా కనబడదు, దానికి భూతద్దం కావాలి. కాబట్టి కాగితం ఖాళీగా ఉంటే పురుగు లేదని అనుకోవచ్చు గాని నల్లి లేదని అనకూడదు. ఆమె కాగితం మీద పాకుతున్నాయని చెప్పింది.

ఏమేం కొట్టారన్నది ఇంకా రాలేదు. "దానికి జవాబు చెప్పేదాకా సలహా ఇవ్వొద్దు" అనేవాళ్లున్నారు. అదీ తప్పే. సాయంత్రానికి రైతు కంభంలో దుకాణం ఎక్కి ఏదో ఒకటి తెచ్చుకుంటాడు. తెలిసినదాంతో ఏది చెప్పగలమో అది వెంటనే చెప్పాలి, తెలియనిదాన్ని షరతుగా పెట్టాలి. "ఆ పొట్టి చెట్లు నాలుగైదూ ఈరోజే పీకి, సంచిలో వేసి తోట బయట పాతిపెట్టండి. వాటికి మందు దండగ. తామర పురుగుకు తోటలో నీలం జిగురు అట్టలు పెట్టండి, తెల్లదోమకు పసుపువి. ఇంతకుముందు ఫిప్రోనిల్ కొట్టకపోయి ఉంటే ఫిప్రోనిల్ 5 ఎస్‌సీ లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు, అంటే ఎకరానికి 200 లీటర్ల నీళ్లకు 400 మిల్లీలీటర్లు కొట్టండి. ముందే కొట్టి ఉంటే అది వద్దు, స్పైనోసాడ్ 45 ఎస్‌సీ లీటరుకు 0.3 మిల్లీలీటర్లు. ఏది కొట్టారో తేలడానికి పాత డబ్బాల ఫోటో పంపండి. ఫోటో వచ్చేదాకా కొనొద్దు." మోతాదు ఎప్పుడూ డబ్బా మీద లేబుల్‌తో సరిచూసుకోమని చెప్పాలి. కోతల సమయమైతే మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి కాయ కోయాలో కూడా ఆ లేబుల్ మీదే ఉంటుంది.

సాయంత్రం ఫోటో వచ్చిందనుకోండి. అందులో చిన్న అక్షరాల్లో లాంబ్డా సైహలోత్రిన్ అని ఉంది. ఫిప్రోనిల్ ఇంతవరకు వాడలేదు కాబట్టి మొదటి షరతు ప్రకారమే ముందుకు పోవచ్చు. కానీ ఆ ఫోటో మనం అడగని సంగతి కూడా ఒకటి చెబుతోంది. ఇది పైరిథ్రాయిడ్. ఇప్పటికే కొట్టారు కాబట్టి నల్లి పెరిగే అవకాశం ఉంది. అందుకే ఇంకో మాట అవసరం: "ఈ మందు మళ్లీ కొట్టొద్దన్నా. వారం తరవాత కొత్త చిగుళ్లు ఒకసారి అరచేతిలో పెట్టి చూడండి. అంచులు చేతిని తాకితే నాకు ఫోన్ చేయండి." అప్పుడు తేలితే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, ఎండ తీవ్రత లేని వేళ. మండే ఎండలో గంధకం కొడితే ఆకు మాడుతుంది.

రెండుసార్లు వేరు వేరు తీరుల్లో అడిగినా జవాబు రాకపోతే మూడోసారి ఫోన్‌లో అడగడం దండగ. పొట్టి మొక్కలు తీసేయడం, జిగురు అట్టలు, పైరిథ్రాయిడ్ మానడం, యూరియా ఎక్కువ వేయకపోవడం, ఇవి ఏ కారణమైనా నష్టం చేయనివి. అవి చెప్పి తోటకు వెళ్లాలి. ఆకు చూసినా తేలకపోతే చిగురు, ఆకు అడుగు, మొత్తం మొక్క కనిపించేలా మూడు ఫోటోలు దర్శి కృషి విజ్ఞాన కేంద్రానికో, గుంటూరు దగ్గర లాం ఉద్యాన పరిశోధన స్థానానికో పంపాలి.

చివరగా రిజిస్టరు సంగతి. చాలా రిజిస్టర్లలో ఆ రోజు ఫోను ఇలా నమోదవుతుంది: "మిరప, 60 రోజులు, తామర పురుగు, ఫిప్రోనిల్ చెప్పడమైనది." ఇది చదివిన ఇంకో సహాయకుడికి ముడత పైకి ఉందని ఎవరు చెప్పారో, చూసి చెప్పారో ఊహించారో, అరవై రోజులు ఎక్కడి నుంచి లెక్కో తెలియదు. రాయాల్సింది ఇలా: "నారు పోసి 60, నాటి 20. ముడత పైకి, భార్య ఆకు చూసి చెప్పారు. కాగితంపై పురుగు కనిపించింది. పొట్టి మొక్కలు 4, 5. వైరస్ అనుమానం, నిర్ధారణ కాలేదు. ముందు కొట్టిన మందు: అడిగాను, జవాబు రాలేదు. సాయంత్రం డబ్బా ఫోటో, లాంబ్డా సైహలోత్రిన్. వారం తరవాత కొత్త చిగురు చూడాలి." రైతు చెప్పింది, మనం అనుకున్నది, ఇంకా తెలియనిది పక్కపక్కనే విడివిడిగా ఉంటే, వారం తరవాత ఆ సీట్లో ఎవరున్నా ఫోన్ ఎత్తగానే అడగాల్సిన ఒక్క ప్రశ్న వాళ్ల కళ్ల ముందే ఉంటుంది.